రాపిడికి ముందు, రాపిడికి తర్వాత

పదహారో శతాబ్దంలో రోమ్‌లోనో వెనిస్‌లోనో ఒక పెద్ద చర్చిలో గాయకుడిగా చేరాలంటే చక్కని గొంతు ఒక్కటే సరిపోయేది కాదు. ముందు ఉన్న పుస్తకంలో ఒకే ఒక్క వరస రాసి ఉంటుంది. తరతరాలుగా ప్రార్థనల్లో వాడుతున్న పాత లాటిన్ కీర్తన అది. ఒకరు దాన్ని నిదానంగా, ఒక్కో స్వరాన్నీ సాగదీస్తూ పాడుతుంటారు. పక్కనున్నవారు అదే పుస్తకం చూస్తూ, దానిమీద రెండో వరసను అప్పటికప్పుడు నోటితో అల్లాలి. కాగితం మీద ఏమీ ఉండదు. నేపుల్స్ ఆస్థానంలో ఉన్న టింక్టోరిస్ అనే సంగీత పండితుడు 1477లోనే ఈ విద్య గురించి రాశాడు. వెనిస్‌లో జార్లినో 1558లో అచ్చు వేయించిన పెద్ద గ్రంథంలో దీని నియమాలు పేజీలకు పేజీలు ఉన్నాయి.

ఇలా ఒక వరస మీద మరో వరసను నిలబెట్టే విద్యే కౌంటర్‌పాయింట్. ఇప్పటికీ ప్రపంచమంతా పాశ్చాత్య సంగీత విద్యార్థులకు దీన్ని ‘స్పీషీస్’ అనే అయిదు రకాల అభ్యాసాలుగా నేర్పుతారు. చాలామందికి అవి ‘ఇది చేయకూడదు, అది చేయకూడదు’ అనే నిషేధాల జాబితాలా కనిపించి విసుగు పుట్టిస్తాయి. ఆ నియమాలన్నీ తిరిగేది ఒకే ప్రశ్న చుట్టూ అని తెలిస్తే ఆ విసుగు ఉండదు. రెండు గొంతులు కలిసిన చోట రాపిడి పుడితే, అది ఎక్కడి నుంచి రావాలి, ఎటు పోవాలి? పాలెస్ట్రీనా సంగీతం వినేవారికి ఈ ప్రశ్నకంటే పనికొచ్చే సాధనం ఇంకొకటి లేదని నా నమ్మకం.

మన సంగీతానికి ఈ ప్రశ్న ఎదురు కాలేదు. కచేరీలో గాయకుడు ఒక వరస పాడతాడు, వయొలిన్ ఆ వరసనే అనుసరిస్తుంది, తంబురా షడ్జ పంచమాలను మోగిస్తూ ఉంటుంది. స్వరానికీ శ్రుతికీ మధ్య ఉన్న సంబంధమే అక్కడ ముఖ్యం. యూరప్ చర్చి సంగీతంలో నాలుగైదు గొంతులు ఏకకాలంలో నాలుగైదు వేర్వేరు వరసలు పాడతాయి. వాటిలో ఏదీ మరొకదానికి తోడు కాదు, ప్రతిదీ తనంతట తానే పాట. అందుకని ప్రతి క్షణం ఒక స్వరం మీద మరో స్వరం వచ్చి పడుతూనే ఉంటుంది. ఇళయరాజా పాటల్లో గొంతు ఒక దారిన పోతుంటే వయొలిన్లు ఇంకో దారిన పోవడం మనం విన్నాం కాబట్టి ఈ అనుభవం మనకు పూర్తిగా కొత్తదేమీ కాదు.

అలా పడిన రెండు స్వరాలు కొన్నిసార్లు పొసుగుతాయి, కొన్నిసార్లు ఒరుసుకుంటాయి. ఆ కాలపు లెక్క ఇది. కింది స్వరాన్నీ పై స్వరాన్నీ కలిపి లెక్కపెడితే మూడు, అయిదు, ఆరు, ఎనిమిది వచ్చే అంతరాలు పొసుగుతాయి. స మీద గ మూడో అంతరం, స మీద ప అయిదో అంతరం, స మీద పై స ఎనిమిదోది. రెండో అంతరం, ఏడో అంతరం ఒరుసుకుంటాయి. మన చెవికి ఆశ్చర్యంగా తోచేది నాలుగో అంతరం. స, మ మనకు సంవాదులు, హాయిగా కలిసిపోతాయి. వాళ్లకూ పై గొంతుల మధ్య అవి కలిస్తే ఇబ్బంది లేదు. కానీ అన్నిటికంటే కింద ఉన్న గొంతు మీద నాలుగో అంతరం నిలిస్తే దాన్ని రాపిడిగానే లెక్క కట్టారు. కింద ఆధారం దొరకనట్టుగా, ఇంకెక్కడికో వెళ్లాల్సినట్టుగా వినిపిస్తుంది.

ఈ విద్యను అయిదు మెట్లుగా పేర్చి పాఠ్యపుస్తకంగా రాసినవాడు యోహాన్ యోసెఫ్ ఫుక్స్. ఆస్ట్రియాలోని స్టీరియా ప్రాంతపు పల్లెలో 1660లో పుట్టి, వియన్నా చక్రవర్తి ఆస్థాన సంగీతానికి అధిపతి అయ్యాడు. 1725లో లాటిన్‌లో ‘గ్రాడుస్ అద్ పర్నాస్సుమ్’ అనే పుస్తకం ప్రచురించాడు. అచ్చు ఖర్చు చక్రవర్తి ఆరో చార్లెస్ భరించాడు. పుస్తకం గురుశిష్య సంభాషణగా నడుస్తుంది. శిష్యుడు యోసెఫస్, అంటే ఫుక్సే. గురువు అలోయ్‌సియస్, అంటే అప్పటికి చనిపోయి నూటముప్పై ఏళ్లు దాటిన పాలెస్ట్రీనా. తాను ఎప్పుడూ చూడని మనిషి పాదాల దగ్గర కూర్చుని ఫుక్స్ పాఠం చెప్పించుకున్నాడు. హైడెన్ ఆ పుస్తకం దగ్గర పెట్టుకుని తనంతట తాను నేర్చుకున్నాడు, తర్వాత దాంతోనే బీథోవెన్‌కు పాఠం చెప్పాడు. మోత్సార్ట్ తన శిష్యులకు దాన్నే వాడాడు.

మొదటి మెట్టులో స్వరానికి స్వరం పెడతారు. కింది గొంతు ఒక్కో స్వరాన్ని సాగదీస్తుంది, పై గొంతు సరిగ్గా అంతే పొడవున మరో స్వరం పాడుతుంది. రాపిడికి అసలు చోటే లేదు, అన్నీ పొసగే అంతరాలే ఉండాలి. ఒక చిన్న వరసతో చూద్దాం. పాత చర్చి సంగీతంలో డోరియన్ అనే స్థాయి ఉంది. దాని మెట్లు మన ఖరహరప్రియ మెట్లే, కాబట్టి మన స్వరాలతోనే రాసుకోవచ్చు.

పై గొంతు: పై స – ని – ద – ని – పై స – ని – పై స
కింది గొంతు: స – గ – మ – ప – గ – రి – స

హార్మోనియం మీద స్వరాలను జంటజంటగా కలిపి నొక్కి వినండి. స మీద పై స ఎనిమిదో అంతరం. గ మీద ని అయిదోది. మ మీద ద, ప మీద ని, రెండూ మూడో అంతరాలు. గ మీద పై స ఆరోది, రి మీద ని ఆరోది, చివర మళ్లీ ఎనిమిది. చివరికి ముందున్న ని మాత్రం ఖరహరప్రియలోని కైశికి నిషాదం కాదు, ఒక మెట్టు పైనున్న కాకలి నిషాదం. ముగింపు దగ్గర పై స వైపు లాగే స్వరం కావాలి కాబట్టి అక్కడ దాన్ని పెంచుతారు. ఆ కాలపు పుస్తకాల్లో చాలా చోట్ల ఈ పెంపును రాసి ఉంచరు. ఎక్కడ పెంచాలో గాయకుడికి తెలిసి ఉండాలి.

రెండు వరసల కదలిక చూడండి. కింది గొంతు స, గ, మ అంటూ ఎక్కుతుంటే పై గొంతు పై స, ని, ద అంటూ దిగుతోంది. కింది గొంతు ప నుంచి గ కు దిగినప్పుడు పైది ఎక్కుతోంది. చివర కింది గొంతు రి నుంచి స కు దిగుతుంటే పైది ని నుంచి పై స కు ఎక్కుతోంది. రెండూ చాలావరకు ఎదురెదురుగా నడుస్తున్నాయి. పై గొంతును ఒంటరిగా పాడినా అది ఒక వరసలాగే ఉంది, ఎక్కడా పెద్ద గెంతులు లేవు.

ఇప్పుడు ఒకే ఒక్క స్వరం మారుద్దాం. మూడో చోట ద కు దిగకుండా పై స కు ఎక్కాం అనుకోండి. కింద గ, మ. పైన ని, పై స. గ మీద ని అయిదో అంతరం, మ మీద పై స కూడా అయిదో అంతరమే. రెండూ పొసగే అంతరాలే కదా, తప్పేముంది? కొత్తవాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే, చేసే మొదటి పొరపాటు కూడా ఇదే. అయిదో అంతరం, ఎనిమిదో అంతరం ఎంత బాగా కలిసిపోతాయంటే పై స్వరం కింది స్వరంలో భాగమే అన్నట్టు చెవికి తోస్తుంది. ఏ నాదంలోనైనా దాని పై షడ్జం, ఆ పైన పంచమం సహజంగానే లీనమై వినిపిస్తుంటాయి. రెండు గొంతులు వరసగా రెండు అయిదో అంతరాల మీదుగా ఒకే దిశలో కదిలితే, చెవి వాటిని రెండు గొంతులుగా వినడం మానేసి, ఒకే గొంతు కొంచెం మందంగా మోగుతున్నట్టు వింటుంది. వికారంగా ఉంటుందని దాన్ని నిషేధించలేదు. అంతకు కొన్ని శతాబ్దాల ముందు యూరప్ చర్చిల్లో అలా అయిదో అంతరంతో జంటగా నడిపే పాటలు కావాలనే పాడేవారు, అవి గంభీరంగానే ఉంటాయి. ఇక్కడ లక్ష్యం వేరు. రెండు గొంతులూ చివరిదాకా రెండుగానే వినిపించాలి.

అందుకే మూడో, ఆరో అంతరాల మీద ఈ నిషేధం లేదు. పై ఉదాహరణలో మ మీద ద, ఆ వెంటనే ప మీద ని, రెండు మూడో అంతరాలు పక్కపక్కనే వచ్చాయి. వాటిలో రెండు గొంతులూ విడివిడిగానే వినిపిస్తాయి. తప్పు దొరికిందో లేదో తెలుసుకోవడానికి లెక్క కంటే నమ్మదగిన దారి ఉంది. ఒకరు కింది వరస పాడుతుంటే మీరు పై వరస పాడండి. ఎక్కడైనా మీ గొంతు ఎదుటివాళ్ల గొంతులో మునిగిపోయినట్టు అనిపిస్తే, కాగితం మీద ఆ చోట వరసగా రెండు అయిదులో రెండు ఎనిమిదులో ఉన్నాయేమో చూడండి.

రెండో మెట్టులో కింద ఒక స్వరానికి పైన రెండు స్వరాలు వస్తాయి. ఇక్కడే రాపిడి మొదటిసారి లోపలికి అడుగు పెడుతుంది. రెండింటిలో మొదటిది బలమైనది, అది తప్పకుండా పొసగాలి. రెండోది బలహీనమైనది, అది ఒరుసుకోవచ్చు, కానీ ఒక మెట్టు నుంచి పక్క మెట్టుకు పోతూ దారిలో తగిలినదై ఉండాలి. కింద ప ఉండగా పైన ని, ద పాడి, కింది గొంతు గ కు దిగినప్పుడు పైన ప కు చేరుకుంటే, మధ్యలోని ద కింది ప కు రెండో అంతరంలో ఉండి కూడా చెవిని నొప్పించదు. ని నుంచి ప కు దిగే దారిలో అది ఒక మెట్టు మాత్రమే. మూడో మెట్టులో కింద ఒకటికి పైన నాలుగు స్వరాలు, అదే సూత్రం ఇంకాస్త వదులుగా ఉంటుంది. అందులో ఒక వింత ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

నాలుగో మెట్టు ఈ విద్యకు గుండె లాంటిది. అందులో కొత్త స్వరం ఒక్కటీ ఉండదు, మొదటి మెట్టులో రాసుకున్న పై వరసను సగం అడుగు ఆలస్యంగా పాడటమే పని. పైన ఇచ్చిన వరసనే తీసుకుందాం. కింది గొంతు గ కు చేరింది, పై గొంతు ఇంకా పాత పై స మీదే ఉంది, సగం సమయం గడిచాక ని కి దిగింది. కింది గొంతు మ కు ఎక్కింది, పై గొంతు ఇంకా ని మీదే ఉంది. మ మీద ని నాలుగో అంతరం, అది ఒరుసుకుంటుంది. బలమైన చోటే, నడిమధ్యనే ఒరుసుకుంటుంది. ఆ తర్వాత పై గొంతు ద కు దిగుతుంది, మూడో అంతరం వస్తుంది, రాపిడి చల్లారుతుంది.

ఇక్కడ మూడు దశలు ఉన్నాయి. ని అనే స్వరం మొదట బలహీనమైన చోట, గ మీద పొసుగుతూ పుట్టింది. కింది గొంతు కదలడం వల్ల అదే స్వరం బలమైన చోట రాపిడిగా మారింది. ఆ తర్వాత ఒక్క మెట్టు కిందికి దిగి పొసిగింది. మొదటిది సిద్ధపాటు, రెండోది నిలుపు, మూడోది విడుదల. మూడూ ఉంటేనే పదహారో శతాబ్దపు చెవికి ఆ రాపిడి న్యాయంగా వినిపిస్తుంది. సిద్ధపాటు లేకపోతే గాలిలోంచి ఊడిపడినట్టు ఉంటుంది, విడుదల పైకి ఎక్కితే బిగువు తగ్గకుండా ఇంకా పెరుగుతుంది.

కీర్తన మీద అప్పటికప్పుడు అల్లే గాయకుల గురించి ఆలోచిస్తే ఈ నియమం ఎంత ఆచరణలోంచి పుట్టిందో అర్థమవుతుంది. ఒరుసుకునే స్వరాన్ని శూన్యంలోంచి పట్టుకుని సరైన శ్రుతిలో పాడటం ఎవరికైనా కష్టం. నిలుపులో ఆ కష్టం లేదు. పై గాయకుడు ఏమీ కొత్తగా చేయడు, తాను అప్పటికే హాయిగా పాడుతున్న స్వరాన్ని పట్టుకుని ఉంటాడు. కదిలేది కింది గాయకుడు, రాపిడిని పుట్టించేది అతడే. దాన్ని తీర్చే బాధ్యత మాత్రం పై గాయకుడిది. ఆ కాలంలో నాలుగు గొంతుల పాట అచ్చు వేసినా ఒక్కో గొంతుకు ఒక్కో పుస్తకం విడిగా వేసేవారు. అందరి వరసలూ ఒక కాగితం మీద చూసే వీలు లేని గాయకుడికి, తన స్వరం కింద ఏదో కదిలి ఒరుసుకోగానే ఒక మెట్టు దిగాలని చెవే చెప్పేది.

మన ఉదాహరణలో ప వచ్చినప్పుడు ఈ ఆలస్యపు ఆట ఆగిపోతుంది. ప మీద ద పట్టుకుంటే రెండో అంతరం వస్తుంది, దాన్ని విడిపించాలంటే ప కే దిగాలి, అప్పుడు రెండు గొంతులూ ఒకే స్వరంలో కలిసిపోతాయి. కాబట్టి అక్కడ పట్టు వదిలి నేరుగా ని పాడాలి. నియమం ఇరకాటంలో పెట్టిన చోట వదిలేయడానికి ఫుక్స్ కూడా ఒప్పుకుంటాడు. ముగింపులో మళ్లీ పట్టు వస్తుంది, అది ఈ మొత్తం శైలిలో అన్నిటికంటే విలువైన చోటు. కింది గొంతు గ మీద ఉండగా పై గొంతు పై స చేరుకుంది, ఆరో అంతరం. కింది గొంతు రి కి దిగింది, పై గొంతు పై స ను వదల్లేదు. ఏడో అంతరం, గట్టి రాపిడి. పై గొంతు కాకలి నిషాదానికి దిగింది, ఆరో అంతరం. ఇక రెండూ ఒకేసారి కదిలాయి, కింది గొంతు స కు దిగింది, పై గొంతు పై స కు ఎక్కింది.

ఈ నాలుగు అడుగులు చెవికి పట్టుబడితే పదహారో శతాబ్దపు గొంతు సంగీతంలో వాక్యం ఎక్కడ ముగుస్తుందో తెలిసిపోతుంది. మాస్ అయినా, మోటెట్ అయినా, ప్రేమపాట అయినా వాక్యాంతంలో ఏవో రెండు గొంతులు ఈ పని చేస్తుంటాయి, మిగిలినవి చుట్టూ ఉంటాయి. పాలెస్ట్రీనా నాలుగు గొంతుల మోటెట్ ‘సికుత్ చెర్వుస్’ ఇంటర్నెట్‌లో సులువుగా దొరుకుతుంది. దాహంతో ఉన్న దుప్పి నీటి కోసం తపించినట్టు ఆత్మ దేవుడి కోసం తపిస్తుందనే కీర్తన అది. తెలుగు బైబిల్లో 42వ కీర్తన. మొదట టెనార్ గొంతు మొదలుపెడుతుంది, అదే వరసను మిగిలిన గొంతులు ఒక్కొక్కటిగా అందుకుంటాయి. మొదటిసారి వింటే అంతా ఒక మెత్తని నాదంలా కలిసిపోతుంది, ఎక్కడా అంచు కనిపించదు. నిలుపులు వినడం తెలిశాక రెండోసారి వినండి. ఒక గొంతు ఆగి ఉండటం, కింది గొంతు కదిలి దాన్ని ఒరుసుకోవడం, పైది నెమ్మదిగా దిగడం మళ్లీ మళ్లీ దొరుకుతాయి. ఆ మెత్తదనం రాపిడి లేకపోవడం వల్ల వచ్చింది కాదు. రాపిడి నిండా ఉంది, ప్రతిదానికీ ముందూ వెనకా అమర్చి ఉంది. ఒక గొంతు వాక్యం ముగిస్తున్న చోటే ఇంకో గొంతు కొత్త వాక్యం మొదలుపెడుతుంది కాబట్టి, ముగింపును చెవి గుర్తుపట్టినా పాట ఆగదు.

అయిదో మెట్టులో ఈ నాలుగింటినీ ఒకే వరసలో కలిపి పాడతారు. అక్కడికి వచ్చేసరికి అభ్యాసం పాటలా వినిపించడం మొదలవుతుంది. దాని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు, సరుకంతా ముందు మెట్లలోనే ఉంది.

ఫుక్స్ పుస్తకం పాలెస్ట్రీనా శైలికి నకలు కాదు అనేది కూడా అంతే నిజాయితీగా చెప్పుకోవాలి. ఫుక్స్ పద్దెనిమిదో శతాబ్దపు మనిషి. అతడి చెవిలో తన కాలపు సంగీతం ఉంది. పాలెస్ట్రీనా రాసిన వందకు పైగా మాస్‌లు, అంతకంటే ఎక్కువ మోటెట్లు అన్నీ ఒకచోట అతడికి అందుబాటులో లేవు. పాలెస్ట్రీనా సంపూర్ణ రచనలు 33 సంపుటాలుగా లైప్‌త్సిగ్‌లో అచ్చవడం 1862లో మొదలై 1907 నాటికి పూర్తయింది. ఆ తర్వాతే పాలెస్ట్రీనా నిజంగా ఏం చేశాడో లెక్కపెట్టి చూడటం సాధ్యమైంది. ఆ పని చేసినవాడు డెన్మార్క్ పండితుడు క్నూద్ యెప్పెసెన్. 1923లో వచ్చిన అతడి గ్రంథం ముఖ్యంగా పాలెస్ట్రీనా రాపిడిని ఎలా నడిపాడనే అంశం మీద ఉంది.

యెప్పెసెన్ లెక్కల్లో బయటపడిన విషయాల్లో ఒకటి నాకు చాలా ఇష్టం. చిన్న చిన్న స్వరాలు వేగంగా పరుగెడుతున్నప్పుడు, బలమైన చోట పడిన స్వరం నుంచి పాలెస్ట్రీనా పైకి గెంతడం చాలా అరుదు. దిగేటప్పుడు గెంతుతాడు, ఎక్కేటప్పుడు మెట్టుమెట్టుగా ఎక్కుతాడు. ఆ శైలిలో వరసలు ఎక్కడా ఎగిరిపడినట్టు అనిపించకపోవడానికి ఇది ఒక కారణం. ఫుక్స్ అభ్యాసాల్లో ఈ జాగ్రత్త కనిపించదు. ఆ పుస్తకం మాత్రమే చదివినవాడు నియమం తప్పకుండానే పాలెస్ట్రీనా ఎన్నడూ రాయని వరస రాయగలడు.

ఇందాక చెప్పిన వింత కూడా ఇక్కడే ఉంది. రాపిడి వచ్చాక పక్క మెట్టుకే పోవాలన్నది సూత్రం. కానీ కింద స ఉండగా పైన పై స, ని, ప, ద అని నాలుగు స్వరాలు పాడి తర్వాత ని కి ఎక్కే ఒక చిన్న మలుపు ఉంది. దాన్ని కాంబియాటా అంటారు. ని స కు ఏడో అంతరం, ఒరుసుకుంటోంది. దిగాల్సిన ద కు దిగకుండా దాన్ని దాటేసి ప కు గెంతి, వెనక్కి వచ్చి ద ను పలకరిస్తుంది. సూత్రం ప్రకారం తప్పే. కానీ పాలెస్ట్రీనా దాన్ని ఎన్నో చోట్ల వాడాడు. ఫుక్స్ కూడా దాన్ని నిషేధించలేదు, పెద్దలు వాడారు కాబట్టి ఒప్పుకోవాలని చెప్పాడు. మినహాయింపును మినహాయింపుగా గుర్తుపట్టాలంటే ముందు సూత్రం చెవిలో స్థిరపడాలి. పాలెస్ట్రీనా పాటలో కాంబియాటా వినిపించినప్పుడు కలిగే చిన్న ఉలికిపాటు, ఆ సూత్రాన్ని చేత్తో రాసి గొంతుతో పాడి చూసినవాళ్లకే దక్కుతుంది.

ఇన్ని లోపాలు పట్టిన యెప్పెసెన్ తానే 1930లో కౌంటర్‌పాయింట్ పాఠ్యపుస్తకం రాసినప్పుడు ఫుక్స్ అయిదు మెట్లనూ వదల్లేదు. వాటి లోపలి నియమాలను పాలెస్ట్రీనా రచనల ప్రకారం సరిదిద్దాడు, మెట్ల వరసను మాత్రం అలాగే ఉంచాడు. కారణం తేలికగానే తెలుస్తుంది. నాలుగు గొంతుల మోటెట్‌లో అన్నీ ఒకేసారి జరుగుతాయి. అందులోంచి రాపిడి లేని కలయిక, దారిలో తగిలే రాపిడి, పట్టి నిలిపిన రాపిడి, వీటిని విడదీసి ఒక్కొక్కటి విడిగా చేతికిచ్చే పద్ధతి వేరే ఎవరూ కనిపెట్టలేదు. పైగా కీర్తన స్వరాలను సాగదీసి కింద పెట్టి పైన మరో వరస అల్లడం ఫుక్స్ కల్పించింది కాదు, చర్చి గాయకుల నిత్య సాధనే అది.

ఈ మెట్లు నేర్పనివీ ఉన్నాయి. ఒక గొంతు పాడిన వరసను మరో గొంతు ఎప్పుడు, ఎంత ఎత్తులో అందుకోవాలో అవి చెప్పవు. మాటల గురించి అసలేమీ చెప్పవు, వాటిలో పాడటానికి అక్షరాలే ఉండవు. లాటిన్ మాటలో ఏ అక్షరం మీద ఊనిక పడాలి, దానికి ఎంత పొడవు స్వరం ఇవ్వాలి అన్నది పాలెస్ట్రీనాకు రాపిడి అంత ముఖ్యమైన విషయం. పాట అర్థం ఈ రెండింటి కలయికలోనే ఉంటుంది.

మాట కోసం రాపిడి నియమాన్ని పక్కన పెట్టిన రోజు ఎంత గొడవైందో చూస్తే ఆ నియమం బలం తెలుస్తుంది. 1600లో జొవాన్ని మరియా ఆర్తూసి అనే ఇటలీ పండితుడు, తన కాలపు కొత్త సంగీతం మీద కోపంతో ఒక పుస్తకం అచ్చు వేశాడు. అందులో కొన్ని పాటల్లోని స్వరాలు ఎత్తి చూపి, ఇవి చెవికి కఠినంగా ఉన్నాయని, పెద్దల నియమాలకు విరుద్ధమని విమర్శించాడు. స్వరకర్త పేరు చెప్పలేదు. ఆ స్వరకర్త క్లాడియో మాంటెవెర్డి. అందులో ఒకటైన ‘క్రూదా అమరిల్లి’ 1605లో అతడి అయిదో మాడ్రిగల్ పుస్తకంలో మొదటి పాటగా వచ్చింది.

ఆర్తూసి వేలెత్తి చూపిన చోటు ఇది. కింది గొంతు మ మీద ఉంది. పై గొంతు కాసేపు మౌనంగా ఉండి, ‘అయ్యో’ లాంటి బాధ మాట మీద నేరుగా ఎత్తైన ప తో ప్రవేశిస్తుంది. మ మీద ప, రెండో అంతరం, అష్టకం పైన. సిద్ధపాటు లేదు, ముందు మౌనమే ఉంది కాబట్టి పట్టుకునేందుకు స్వరమే లేదు. పోనీ తర్వాతైనా మ కు దిగి సర్దుకుంటుందా అంటే అదీ లేదు, గ కు గెంతుతుంది. గ కూడా మ కు ఏడో అంతరంలోనే ఉంది, అదీ ఒరుసుకుంటోంది. మూడు దశల్లో ఒక్కటీ లేదు.

రెండు శతాబ్దాల తర్వాతి సంగీతానికి అలవాటుపడిన మన చెవికి ఇది అంత పెద్ద విషయంగా తోచదు. నాలుగో మెట్టు అభ్యాసాలు కొన్ని రోజులు పాడి, ఆ తర్వాత ఈ పాట వినండి. పై గొంతు ప పలికిన చోట ఒళ్లు జలదరిస్తుంది. ఆ స్వరం ఏ గొంతు పట్టుకుని ఉంచినది కాదు, ఎవరి కదలిక వల్లా పుట్టినది కాదు. దుఃఖం ఒక్కసారిగా నోట్లోంచి ఊడిపడింది. మాంటెవెర్డి ఈ నియమం తెలియక అలా రాయలేదు. అదే పాటలో వాక్యాంతాలు వచ్చినప్పుడు పాత పద్ధతిలోనే పట్టి నిలిపి, దించి ముగించాడు. 1607లో అతడి తమ్ముడు జూలియో చేజరే అన్న తరఫున జవాబు రాస్తూ, పెద్దల పద్ధతిని మొదటి పద్ధతి అనీ, మాటకు సంగీతం లోబడే తమ పద్ధతిని రెండో పద్ధతి అనీ పిలిచాడు. మొదటి పద్ధతిని తప్పు పట్టలేదు, దాన్ని పరిపూర్ణంగా నియమబద్ధం చేసినవాడు జార్లినో అని రాశాడు.